నవంబర్ నిజంగా పడిపోయిందా?

జిల్లా కేంద్రంలో మెయిన్ రోడ్డు మీద ఒక బట్టల షాపు ఉందనుకుందాం. కింద చీరలు, పైన రెడీమేడ్. 2025 జనవరిలో, సంక్రాంతి హడావిడి తీరాక, ఓనరు ఇద్దరు ఫ్లోర్ మేనేజర్లను కూర్చోబెట్టి గడిచిన ఏడాది అమ్మకాల లెక్క చూడబోతున్నాడు. మేనేజర్లకు ఏ చీర ఏ కౌంటర్లో కదులుతుందో, ఏ వారంలో ఏ ఊరి జనం దిగుతారో కంఠతా తెలుసు. గ్రాఫులు చదవడం మాత్రం వాళ్లకు అలవాటు లేని పని. ఆ లెక్కను వాళ్ల ముందు ఏ రూపంలో పెట్టాలి? నిలువు పట్టీల బార్ చార్టుగానా, గీత గీసిన లైన్ చార్టుగానా, ఉన్న అంకెలను ఉన్నట్టు పట్టికగానా?

షాపు, అంకెలు నేను ఉదాహరణ కోసం కూర్చినవి. పండగల తేదీలు మాత్రం క్యాలెండర్‌లో ఉన్నవే. అమ్మకాలు లక్షల రూపాయల్లో ఉన్నాయి.

| నెల | 2023 | 2024 |
|---|---|---|
| జనవరి | 46 | 49 |
| ఫిబ్రవరి | 31 | 32 |
| మార్చి | 34 | 36 |
| ఏప్రిల్ | 38 | 41 |
| మే | 47 | 40 |
| జూన్ | 36 | 33 |
| జులై | 28 | 33 |
| ఆగస్టు | 41 | 46 |
| సెప్టెంబర్ | 30 | 38 |
| అక్టోబర్ | 62 | 68 |
| నవంబర్ | 52 | 40 |
| డిసెంబర్ | 39 | 42 |
| మొత్తం | 484 | 498 |

ఈ అంకెలనే మూడు రూపాల్లో మూడు కాగితాల మీద వేసి ఇస్తే, ఆ గదిలో మూడు వేరువేరు మాటలు నడుస్తాయి. పట్టిక చూసినవాళ్లు కిందికి దిగి మొత్తం చూస్తారు: నిరుటి కంటే 14 లక్షలు ఎక్కువ, పర్లేదు అంటారు. 2024 పన్నెండు నెలలను బార్లుగా చూసినవాళ్ల కళ్లు అక్టోబర్, నవంబర్ పట్టీల మధ్య ఆగిపోతాయి: 68 పక్కన 40, అంత తేడా ఎందుకొచ్చిందని అడుగుతారు. రెండేళ్లూ ఒకే గీతగా చూసినవాళ్లు ఏటా అదే ఎత్తుపల్లాలు వస్తున్నాయని గమనిస్తారు గానీ, ఏడాది పెరిగిందో లేదో చెప్పలేరు. ముగ్గురూ చూసినది సరిగానే చూశారు. అయితే మాసవారీ అమ్మకాల ధోరణి అన్నది ఆ మూడు మాటల్లో ఏదీ పూర్తిగా కాదు. ఏ రూపం ఏ మాటను పుట్టిస్తుందో ముందే తెలిసి ఎంచుకోవాలి. ఈ విషయం మీద రెండు శతాబ్దాలకు పైగా జరిగిన పనిలో నాకు అన్నిటికంటే గట్టిగా నిలిచినట్టు కనిపించేది ఇదే.

ఆర్థిక లెక్కలను గీతలుగా, పట్టీలుగా గీసి అచ్చువేసిన తొలి పుస్తకం విలియం ప్లేఫెయిర్ 1786లో లండన్‌లో తెచ్చిన అట్లాసు. అందులో దాదాపు అన్నీ లైన్ చార్టులే. ఇంగ్లండు ఎగుమతులు, దిగుమతులు ఏటికేడు ఎలా నడిచాయో రెండు గీతలు చూపిస్తాయి, వాటి మధ్య ఎడమే వ్యాపార మిగులు లేక లోటు. బార్ చార్టు ఒక్కటే ఉంది, అది స్కాట్లండుది. ఆ దేశానికి ఆయన దగ్గర ఒక్క ఏడాది లెక్కే ఉంది. అందుకే పదిహేడు చోట్లతో జరిగిన వ్యాపారాన్ని పట్టీలుగా పక్కపక్కన నిలబెట్టాడు. కాలం ఇమడని ఈ చిత్రం మిగతావాటంత ఉపయోగపడదని తానే రాసుకున్నాడు కూడా. అంటే బార్ చార్టు పుట్టిందే కాలక్రమం చేతిలో లేనప్పుడు. ఇప్పుడు మన ఆఫీసుల్లో కాలక్రమం ఉన్న లెక్కకు కూడా ముందుగా బార్ చార్టే వేస్తున్నారు. సాఫ్ట్‌వేర్‌లో అది మొదట కనబడడం ఒక కారణం. పట్టీ నిండుగా కనిపిస్తుంది, గీత సన్నగా ఉంటుంది, స్లైడు బోసిపోతుందన్న భయం ఇంకో కారణం.

పరీక్షలు పెట్టి తేల్చే ప్రయత్నం కూడా పాతదే. 1927లో అమెరికాలో వాష్‌బర్న్ అనే పరిశోధకుడు ఒకే సమాచారాన్ని పేరాగా, పట్టికగా, రకరకాల గ్రాఫులుగా బడిపిల్లలకిచ్చి ఏది ఎంత గుర్తుంటుందో చూశాడు. పెరుగుదల, తరుగుదల తెలుసుకోవడానికి గీత, ఒకదానితో ఒకటి పోల్చడానికి పట్టీలు, కచ్చితమైన మొత్తాలకు అంకెలు మేలని తేలింది. వివాదం అక్కడితో ముగియాల్సింది. కానీ కంప్యూటర్లు వచ్చాక, 1970లు, 80లలో, మేనేజర్లకు గ్రాఫు మేలా పట్టిక మేలా అని మళ్లీ వరసగా ప్రయోగాలు జరిగాయి. కొన్నిటిలో గ్రాఫు గెలిచింది, కొన్నిటిలో పట్టిక గెలిచింది, చాలావాటిలో తేడాయే కనబడలేదు. ఆ చిక్కును 1991లో ఐరిస్ వెస్సీ విడదీసింది. ప్రయోగాల్లో ఇచ్చిన పనులు ఒకే రకానివి కావని ఆమె చూపింది. ఫలానా నెలలో ఎంత అని అడిగినప్పుడు పట్టిక గెలుస్తుంది, ఏ వైపు పోతోంది, వేటి మధ్య ఎడం పెరుగుతోంది అని అడిగినప్పుడు గ్రాఫు గెలుస్తుంది. పనికి తగ్గ రూపం ఉంటే మనిషి తలలో మార్చుకోవాల్సింది తక్కువ, తప్పులూ తక్కువ.

బార్‌కూ గీతకూ మధ్య పోటీని తేల్చినది 1999లో జాక్స్, ట్వర్‌స్కీ చేసిన చిన్న ప్రయోగం. రెండే రెండు విలువలను కొందరికి పట్టీలుగా, కొందరికి గీతగా చూపించి, ఏం కనిపిస్తోందో రాయమన్నారు. పట్టీలు చూసినవాళ్లు "ఇది దానికంటే ఎక్కువ" అని రాశారు. గీత చూసినవాళ్లు "పెరుగుతోంది" అని రాశారు. అడుగున మగ, ఆడ అని రాసి ఎత్తులను గీతతో కలిపినా, మగతనం పెరిగేకొద్దీ ఎత్తు పెరుగుతుందన్న అర్థం వచ్చేలా రాసినవాళ్లు ఉన్నారు. విషయం తప్పని తెలిసే అవకాశం ఉన్నా రూపం మాటను లాగేసింది. ఆ బట్టల షాపు మీటింగుకు దీన్ని అన్వయిస్తే లెక్క సూటిగా ఉంటుంది. బార్లు ఇస్తే మేనేజర్లు నెలను నెలతో పోలుస్తారు, గీత ఇస్తే దిశ గురించి మాట్లాడతారు. మన దగ్గర నెలకూ నెలకూ పోలిక అన్నది బట్టల వ్యాపారంలో దాదాపు ఎప్పుడూ పక్కదారి పట్టించేదే. నా పక్షపాతం అక్కడి నుంచే మొదలవుతుంది.

ముందు బార్ చార్టుకు దక్కాల్సిన న్యాయం. పట్టీ ఎత్తు అంటే మొత్తం. గీతలో ఒక చుక్క ఎంత పైనుంది అన్నది కొత్తవాళ్లకు అక్షం చూస్తేగాని తెలియదు. పట్టీకి మాత్రం అడుగూ అంచూ రెండూ ఉంటాయి, ఇది దానిలో సగం అని ఎవరైనా చెప్పగలరు. 1984లో క్లీవ్‌లండ్, మెక్‌గిల్ కొలిచి చూసినదాని ప్రకారం, ఒకే అడుగు మీద నిలబెట్టినవాటి కొసలను పోల్చడంలో మన కన్ను అన్నిటికంటే తక్కువ పొరబడుతుంది. కోణాలను, వైశాల్యాలను పోల్చడంలో ఎక్కువ పొరబడుతుంది. నాలుగు బ్రాంచీల నవంబర్ అమ్మకాలు పోల్చాలంటే, టార్గెట్ ఎంత, వచ్చింది ఎంత అని చూపాలంటే బార్ చార్టుకు సాటి లేదు. కొత్తగా తెరిచిన షాపుకు నాలుగైదు నెలల లెక్కే ఉంటే అప్పుడు కూడా బార్లే నయం. నాలుగు చుక్కలను కలిపిన గీత లేని ధోరణిని ఉన్నట్టు చూపిస్తుంది.

అయితే ఎత్తే మొత్తం కాబట్టి బార్ చార్టు అడుగు సున్నా దగ్గరే ఉండాలి. మన ఉదాహరణలో 2023 బార్లను సున్నా నుంచి కాక 25 లక్షల నుంచి మొదలుపెడితే ఏమవుతుందో చూడండి. జులై 28 లక్షలు, 3 లక్షల ఎత్తున కనిపిస్తుంది. అక్టోబర్ 62 లక్షలు, 37 ఎత్తున కనిపిస్తుంది. నిజానికి అక్టోబర్ అమ్మకం జులైకి 2.2 రెట్లు, బొమ్మలో మాత్రం 12 రెట్లు. కావాలని మోసం చేసేవాళ్లు అరుదు. పట్టీలన్నీ ఒకే ఎత్తున కనిపిస్తున్నాయి, తేడా తెలియాలి కదా అని అక్షం కత్తిరిస్తారు. అలా కత్తిరించాలనిపించిందంటే, ఆ లెక్కకు పట్టీలు సరిపడలేదని అర్థం.

గీతకు సున్నా అక్కర్లేదని పుస్తకాల్లో రాస్తారు, నేనూ చాలావరకు ఒప్పుకుంటాను. కానీ 2020లో కరెల్, బెర్టినీ, ఫ్రాంకనెరి చేసిన పరిశీలనలో, అక్షం కత్తిరించినప్పుడు తేడా పెద్దగా అనిపించడం బార్లకూ గీతలకూ దాదాపు ఒకలాగే ఉందని తేలింది. అక్షం తెగిందని గుర్తు పెట్టినా ఆ ప్రభావం పోలేదు. అందువల్ల అలవాటు లేని మేనేజర్లకు ఇచ్చే లైన్ చార్టును కూడా, వీలైనంతవరకు సున్నా నుంచే గీస్తే మంచిది. బట్టల షాపు అమ్మకాల్లో నెలకూ నెలకూ ఊగిసలాట ఎలాగూ పెద్దది, సున్నా నుంచి గీసినా గీత చదునుగా పడుకోదు. సిమెంటు గోడౌను లాగా ప్రతి నెలా దాదాపు ఒకటే అమ్ముడుపోయే చోట మాత్రం ఆ సలహా పనిచేయదు, అక్కడ అక్షం కత్తిరించి, ఆ సంగతి నోటితో చెప్పాలి.

ఇక నెల అనేదాని గురించి. నెలవారీ బార్లన్నీ ఒకే వెడల్పుతో ఉంటాయి, నెలలు మాత్రం ఒకే పొడవున ఉండవు. 2023 ఫిబ్రవరిలో 31 లక్షలు, మార్చిలో 34. చూడగానే మార్చి పుంజుకుంది అనిపిస్తుంది. ఫిబ్రవరి 28 రోజులకు పంచితే రోజుకు 1.11 లక్షలు, మార్చి 31 రోజులకు పంచితే 1.10 లక్షలు. పుంజుకున్నది ఏమీ లేదు, మూడు రోజులు ఎక్కువున్నాయి అంతే. ఆదివారాలు ఎన్ని పడ్డాయన్నది కూడా షాపుకు ముఖ్యమే. మూడు రూపాల్లో దేన్ని వాడినా ఈ పొరపాటు రావచ్చు, కానీ బార్లలో పక్కపక్కన ఉన్న రెండు నెలలను పోల్చాలన్న లాగుడు ఎక్కువ కాబట్టి అక్కడ ఎక్కువ నష్టం చేస్తుంది.

లైన్ చార్టు మీద ఉన్న పాత అభ్యంతరం ఒకటి ఇక్కడే చెప్పుకోవాలి. నెల అమ్మకం అంటే ముప్ఫై రోజుల మొత్తం. అక్టోబర్ చుక్కకూ నవంబర్ చుక్కకూ మధ్యలో ఉన్న గీత మీద ఏ అమ్మకమూ లేదు, కాబట్టి కలపడం తప్పు అంటారు కొందరు. వాదనలో పస ఉంది. అయినా గీత పని విలువ చూపడం కాదు, వాలు చూపడం. చుక్కలను స్పష్టంగా పెట్టి, వాటిని సన్నని సూటి గీతతో కలిపితే ఎవరూ పొరబడరు. తప్పు ఎప్పుడొస్తుందంటే, ఎక్సెల్‌లో `Smoothed line` ఎంచి గీతను వంపు తిప్పినప్పుడు. అక్టోబర్ శిఖరం అసలు విలువను దాటి పైకి ఉబ్బుతుంది, లేని అమ్మకం కనబడుతుంది.

ఇంకా ముగియని నెల ఇంకో ఉచ్చు. నెల 10వ తేదీన రిపోర్టు తీస్తే ఆ నెల పది రోజుల అమ్మకమే ఉంటుంది, గీత చివర కిందికి జారిపోతుంది, ఓనరు గుండె కూడా. ముగియని నెలను గీత నుంచి తీసేసి, పట్టికలో మాత్రం "10వ తేదీ వరకు" అని రాయాలి. రాబోయే నెలల గళ్లలో సూత్రం వల్ల ఖాళీ మాట మిగిలితే ఎక్సెల్ దాన్ని సున్నాగా గీస్తుంది, గీత నేలకు కూలుతుంది. అప్పుడు ఇలా రాస్తే ఆ నెలలు గీయబడవు:

```
=IF(B14="",NA(),B14)
```

నెలల వరస తప్పడం మరో తప్పు. కొన్ని సాఫ్ట్‌వేర్లు నెలల పేర్లను ఇంగ్లీషు అక్షర క్రమంలో పేరుస్తాయి: ఏప్రిల్, ఆగస్టు, డిసెంబర్, ఫిబ్రవరి. మన దేశంలో దీన్ని పట్టుకోవడం ఇంకా కష్టం, ఎందుకంటే మన ఆర్థిక సంవత్సరం కూడా ఏప్రిల్‌తోనే మొదలవుతుంది. ఎడమ కొసన ఏప్రిల్ చూసి అంతా సరిగా ఉందనుకుంటారు. రెండో నెల మే కాదని గమనించేసరికి మీటింగు సగం అయిపోతుంది.

పట్టికను గ్రాఫుల పుస్తకాలు చాలాకాలం తక్కువ చేసి చూశాయి. నా ఉద్దేశంలో అది పొరపాటు. ఎడ్వర్డ్ టఫ్టీ 1983లోనే, ఇరవై లోపు అంకెలుంటే గ్రాఫు కంటే పట్టికే నయమని రాశాడు. గ్రాఫులంటే అలవాటు లేని మేనేజర్లకు పట్టిక మీద నమ్మకం ఎక్కువ. తమ చేతి పుస్తకంలో రాసుకున్న అంకె అక్కడ కనిపిస్తే, మిగతాది కూడా నమ్మొచ్చనుకుంటారు. గ్రాఫు ముందు పెట్టగానే "అసలు అంకె ఎంత?" అన్న ప్రశ్న వస్తుంది. అది గ్రాఫు అర్థం కాక అడిగేది కాదు, తమకు తెలిసిన నెలతో సరిచూసుకోవడానికి అడిగేది.

కానీ చాలా షాపుల్లో పట్టిక అంటే కంప్యూటరు నుంచి నేరుగా తీసిన అచ్చు: 40,17,386.50 లాంటి అంకెలు పన్నెండు గళ్లలో అడ్డంగా. 1977లో ఎరెన్‌బర్గ్ అనే బ్రిటిష్ గణాంకవేత్త పట్టికలను బాగుచేసే పద్ధతులు చెప్పాడు. అవి ఇప్పటికీ పనిచేస్తాయి. అంకెలను రెండు ముఖ్యమైన స్థానాలకు కుదించాలి, పోల్చాల్సినవి ఒకదాని కింద ఒకటి ఉండాలి, మొత్తమో సగటో పక్కన ఉండాలి. మనిషి తలలోనే తీసివేత చేయగలగాలి. 52 నుంచి 40 తీసివేయగలం, 52,08,914 నుంచి 40,17,386 తీసివేయలేం. అందుకే పైన పట్టికలో నెలలు నిలువుగా, రెండేళ్లు పక్కపక్కన పెట్టాను. ఫోనులో వాట్సాప్‌లో తెరిచినా అది పడుతుంది, పన్నెండు గళ్లు అడ్డంగా ఉన్నది పట్టదు. లక్షల్లోకి మార్చడానికి వేరే గడిలో `=ROUND(B2/100000,0)` వేస్తే చాలు. గ్రాఫు అక్షం మీద కూడా 5,000,000 అని కాక 50 లక్షలని ఉండాలి. ఆ రూపంలో ఎవరూ ఆలోచించని అంకె ఎదురైతే మేనేజరు చదవడం ఆపేస్తాడు, ఆపేశానని చెప్పడు.

పట్టికకు చేతకానిది ఒకటే: ఆకారం చూపడం. పై పట్టికలో 24 అంకెలున్నాయి. మే, జూన్ నెలల్లో 2024 వెనకబడిందని, జులై నుంచి ముందుకొచ్చిందని, నవంబర్‌లో మళ్లీ జారిందని తెలియాలంటే గడి గడికీ తీసివేతలు చేసుకోవాలి. 2024ను ముదురు గీతగా, 2023ను లేత బూడిద గీతగా ఒకే జనవరి–డిసెంబర్ చట్రంలో ఒకదాని మీద ఒకటి గీస్తే అదంతా ఒక్క చూపులో తెలుస్తుంది. ధోరణి కోసం నేను ఎంచుకునేది ఈ రూపాన్నే. రెండేళ్లనూ ఒకే పొడవాటి గీతగా చూపితే శిఖరాలే కనబడతాయి. ఒకదానిమీద ఒకటి గీస్తే రెండు గీతల మధ్య ఎడం కనబడుతుంది, ఓనరు అడుగుతున్నది దాని గురించే. ఇదే పోలికను జంట బార్లుగా వేయొచ్చు గానీ 24 పట్టీలవుతాయి. ఫోను తెరమీద నెలల పేర్లు తలకిందులుగా వాలిపోతాయి, కన్ను జంట జంటగా ఎగురుతుంది, ఎడం ఎక్కడ తిరగబడిందో తప్పిపోతుంది.

ఎడం కనబడ్డాక దానికి కారణం చెప్పాల్సినది చార్టు కాదు, క్యాలెండర్. మే, జూన్ నెలల్లో 2024 గీత కిందికి వెళ్లడానికి మూఢం కారణం కావచ్చు. ఆ వేసవిలో పెళ్లి ముహూర్తాలు దాదాపు లేవు, పెళ్లి పట్టుచీరల బేరం ఆగింది. 2023 జులైలో ఆషాఢం ముగిసీ ముగియగానే 18 నుంచి అధిక శ్రావణం పట్టింది, నిజ శ్రావణం ఆగస్టు 17న గాని రాలేదు. 2023 జులై అంత తక్కువ ఉండడానికి, 2024 జులై మెరుగ్గా కనిపించడానికి ఇది కొంత కారణం కావచ్చు. ఫ్లోర్ మేనేజర్లకు ఇవి చెప్పకుండానే తెలుసు. చార్టు మీద ఆయా నెలల దగ్గర చిన్న మాట రాసి ఉంటే వాళ్లే మిగతాది చెబుతారు.

నవంబర్ సంగతికి వద్దాం. 52 నుంచి 40కి, అంటే 23 శాతం తగ్గింది. 2023లో దీపావళి నవంబర్ 12. పండగ కొనుగోళ్లు అక్టోబర్ చివరి వారంలోను, నవంబర్ మొదటి పదకొండు రోజుల్లోను జరిగాయి. 2024లో దీపావళి అక్టోబర్ 31. ఆ కొనుగోళ్లన్నీ అక్టోబర్‌లోనే అయిపోయాయి, నవంబర్‌కు పండగే మిగల్లేదు. దసరా కూడా ముందుకు జరిగింది: 2023లో అక్టోబర్ నాలుగో వారం, 2024లో అక్టోబర్ 12. కాబట్టి దసరా, బతుకమ్మ బేరంలో కొంత సెప్టెంబర్ చివరికి జరిగింది. సెప్టెంబర్ 30 నుంచి 38కి పెరగడంలో దాని వాటా ఉంటుంది. అక్టోబర్ అటు కొంత పోగొట్టుకుని ఇటు కొంత సంపాదించుకుంది.

కాబట్టి సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్ మూడూ కలిపి చూడాలి. 2023లో 30, 62, 52 కలిపితే 144. 2024లో 38, 68, 40 కలిపితే 146. పండగ సీజను పడిపోలేదు. అలాగని గొప్పగా పెరగనూ లేదు, నిరుటి మీద ఒకటిన్నర శాతం కూడా లేదు, ధరలు పెరిగిన సంగతి తలచుకుంటే తీసుకుపోయిన బట్టలు తగ్గి ఉండొచ్చు. అది తేలాలంటే బిల్లుల సంఖ్య, పీసుల సంఖ్య చూడాలి. మీటింగులో మాట్లాడుకోవాల్సింది దీని గురించి. నవంబర్ బార్లు రెండు పక్కపక్కన పెట్టి చూపిస్తే మాత్రం, నవంబర్లో ఏ మేనేజరు సెలవు పెట్టాడన్న దగ్గర చర్చ నడుస్తుంది. ఈ మూడు నెలల మొత్తాలకు ఇప్పుడు బార్ చార్టు చక్కగా సరిపోతుంది: రెండే పట్టీలు, 144, 146, రెండూ దాదాపు సమానంగా. తేడా లేదన్న సంగతిని కూడా బార్ అంత నిజాయితీగా చూపేది మరొకటి లేదు.

పండగల ఊగిసలాటను తీసేయడానికి లెక్కలవాళ్లు వాడే పద్ధతి పన్నెండు నెలల కదిలే మొత్తం. ప్రతి నెలా, ఆ నెలతో కలిపి వెనకటి పన్నెండు నెలల అమ్మకాలు కూడతారు. ఎప్పుడూ ఏడాది మొత్తమే కాబట్టి సంక్రాంతి, ఆషాఢం, దసరా అన్నీ అందులో ఒకసారి ఉంటాయని భావన. మన షాపులో ఇది 2023 డిసెంబర్‌లో 484, 2024 ఏప్రిల్‌కు 493, జూన్‌కు 483, అక్టోబర్‌కు 507, నవంబర్‌కు 495, డిసెంబర్‌కు 498. దీన్ని గీతగానే గీయాలి, బార్లుగా కాదు. పట్టీలన్నీ 480–510 మధ్య ఉండి సున్నా నుంచి చూస్తే ఒకే గోడలా కనిపిస్తాయి. గీతను 450 నుంచి మొదలుపెట్టి, అలా మొదలుపెట్టామని పక్కనే రాసి, రెండు మూడు నెలలు నడిపి చూపితే మేనేజర్లు దీన్ని తొందరగానే పట్టుకుంటారు: గీత పైకి పోతోందంటే ఈ నెల నిరుటి ఇదే నెల కంటే ఎక్కువ, కిందికి పోతోందంటే తక్కువ. వాళ్లకు చెప్పాల్సింది ఇంతే.

అయితే ఈ గీత కూడా మన పండగల దగ్గర తడబడుతుంది, దీన్ని నేర్పే పుస్తకాలు సాధారణంగా ఆ సంగతి చెప్పవు. 2024 అక్టోబర్‌కు వచ్చిన 507ను చూడండి. అది 2023 నవంబర్ నుంచి 2024 అక్టోబర్ వరకు ఉన్న పన్నెండు నెలలు. 2023 నవంబర్ 12 దీపావళి అందులో ఉంది, 2024 అక్టోబర్ 31 దీపావళీ అందులో ఉంది. ఒక ఏడాదిలో రెండు దీపావళులు! శిఖరం అందుకే వచ్చింది, మరుసటి నెలలోనే 495కి దిగింది. 507 చూసి సరుకు ఎక్కువ తెప్పించినవాడు నష్టపోతాడు. సంక్రాంతికి ఈ బెడద లేదు, అది సూర్యుణ్ని అనుసరించే పండగ, ఏటా జనవరి మధ్యలోనే వస్తుంది. చాంద్రమానం మీద నడిచే దసరా, దీపావళి, ఉగాది, శ్రావణం మాత్రం నెల సరిహద్దులను దాటుతూనే ఉంటాయి.

తిరగేసి చూస్తే ఇంకా ప్రమాదం. 2025లో దీపావళి అక్టోబర్ 20, 2026లో నవంబర్ 8. అంటే 2025 నవంబర్ నుంచి 2026 అక్టోబర్ వరకు పన్నెండు నెలల్లో దీపావళే లేదు. ఆ అక్టోబర్ చివర కదిలే మొత్తం, వ్యాపారంలో ఏ లోటూ లేకపోయినా, కిందికి దిగొచ్చు. అది చూసి ఒక ఫ్లోర్ మూసేయాలా అని ఆలోచించే ఓనర్లు ఉంటారు. నవంబర్ లెక్క రాగానే గీత తేరుకుంటుంది కాబట్టి, ఆ నెల వరకు ఆగాలి. లేదా ఆ చుక్క దగ్గర "ఈ పన్నెండు నెలల్లో దీపావళి లేదు" అని రాసి ఇవ్వాలి.

ఈ లెక్కను ఆ ముగ్గురికీ ఇవ్వాల్సింది నేనైతే, ఒకే ఎ4 కాగితం. పైన ఒక వాక్యం, చార్టు పేరు కాదు, చార్టు చెబుతున్న మాట: "సెప్టెంబర్–నవంబర్ కలిపి 146 లక్షలు, నిరుడు 144, ఏడాది మొత్తం మీద 14 లక్షలు ఎక్కువ." దాని కింద రెండేళ్ల గీతలు, సున్నా నుంచి, చుక్కలతో. గీతల కొసనే 2023, 2024 అని రాసి ఉంటాయి, ఏ రంగు ఏదో పక్కన వెతుక్కోనక్కర్లేదు. నలుపు తెలుపులో ప్రింటు తీసినా తెలిసేలా ఒకటి మందంగా, ఒకటి సన్నగా ఉంటుంది. దసరా, దీపావళి తేదీలు ఆ ఏడాది గీత మీదే చిన్న గుర్తుగా ఉంటాయి. గీతల కింద పైన చూపిన పట్టిక, లక్షల్లో, నెలలు నిలువుగా. బార్ చార్టు ఆ కాగితం మీద ఉండదు. బ్రాంచీలను పోల్చడమో, టార్గెట్ చూడడమో ఉంటే రెండో కాగితం మీద వస్తుంది.

పంపే ముందు చేయదగ్గ పరీక్ష ఒకటుంది. గ్రాఫులతో సంబంధం లేని ఒకరికి, బిల్లింగు కౌంటర్లో అమ్మాయికైనా సరే, ఆ కాగితం ఇచ్చి ఏం చెబుతోందో తన మాటల్లో చెప్పమనాలి, మనం నోరు తెరవకుండా. "నవంబర్‌లో పడిపోయింది" అంటే గీతల మీద పండగ గుర్తులు సరిగా కనబడడం లేదు. "ఏదో ఎక్కువ తక్కువలున్నాయి" అంటే పైన వాక్యం బలహీనంగా ఉంది. "దీపావళి ముందే వచ్చింది కాబట్టి అక్టోబర్‌కు పోయింది, మొత్తానికి నిరుటిలాగే ఉంది" అంటే కాగితం మీటింగుకు సిద్ధం.